మూడు వందల తొంభై ఆరు నుంచి కిందికి

2024 జులై 8, సోమవారం, ఉదయం తొమ్మిది గంటల ఇరవై ఆరు నిమిషాలు. కరీంనగర్‌లో మూడు రోజులుగా ముసురు పడుతోంది. ఆ ఉదయం ఎనిమిదింటి నుంచి చినుకు సన్నగా, ఎడతెరిపి లేకుండా ఉంది. ఆ నిమిషాన నేను ఒక కంపెనీ షేర్లు 125, ఒక్కొక్కటి 412 రూపాయలకు కొన్నాను. ధర 396కు పడితే అమ్మేయాలని, కొనడానికి ముందే, ఉదయం ఏడింటికి, ఇంట్లో నోటుబుక్కులో రాసుకున్నాను. అంతకు ముందటి ఐదు వారాల్లో ఆ షేరు 398 కంటే కిందికి దిగలేదు. దిగితే నా లెక్క తప్పినట్టే. పదహారు రూపాయల తేడా, 125 షేర్లు, కలిపి రెండు వేల రూపాయలు. ఈ పనికి నేను విడిగా పెట్టుకున్నది రెండు లక్షలు. ఏ ఒక్క కొనుగోలులోనూ అందులో నూటికి ఒకటి కంటే ఎక్కువ పోకూడదన్నది నా నియమం. అమ్మేయాల్సిన ఆ ధరను స్టాప్‌లాస్ అంటారు.

ఆ 396 అంకె మూడు వారాల్లో ఏమైందో, ఎందుకైందో రాయడానికే ఇది మొదలుపెట్టాను.

ముందు నా సంగతి కొంత చెప్పాలి. నేను గోదావరి తీరపు బొగ్గు గనుల్లో సర్వే విభాగంలో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేశాను. గనిలో పైకప్పు ఎంత దిగుతోందో కొలిచి రాయడం నా పనుల్లో ఒకటి. కప్పుకూ నేలకూ మధ్య కడ్డీ నిలబెట్టి, షిఫ్టుకు ఒకసారి మిల్లీమీటర్లలో రీడింగు తీసేవాళ్లం. ఇంత దిగితే మనుషులు బయటికి రావాలన్న పరిమితి ముందుగానే కాగితం మీద ఉండేది. ఆ పరిమితిని రాసేది పైన ఆఫీసులో కూర్చున్న మేనేజరు. కప్పు కింద నిలబడ్డ మనిషిని ఎవరూ అడిగేవారు కాదు. ముప్పై ఒక్క ఏళ్లలో నేను ఒక్క రీడింగు దిద్దలేదు.

2019లో పదవీ విరమణ చేశాను. కంపెనీ క్వార్టరు ఖాళీ చేసి కరీంనగర్‌లో రెండు గదుల అద్దె ఇంటికి వచ్చాం. 2022 మార్చి 4న నా భార్య పోయింది. పిల్లలు లేరు. అదే సంవత్సరం నవంబరులో షేర్ల వ్యాపారం మొదలుపెట్టాను. ఈ రెండు తేదీల మధ్య ఎనిమిది నెలలు నేనేం చేశానో నా దగ్గర రాతపూర్వకంగా ఏమీ లేదు.

బ్రోకరు ఆఫీసు బస్టాండు దగ్గర, ఎరువుల దుకాణం పైన మొదటి అంతస్తులో ఉంది. ఒక గది, నాలుగు కుర్చీలు, గోడకు ఒక తెర, బల్ల మీద రెండు కంప్యూటర్లు. బల్ల వెనక కూర్చుని మా ఆర్డర్లు వేసే అమ్మాయికి ముప్పై ఐదేళ్లు ఉంటాయి. రోజూ చొప్పదండి నుంచి బస్సులో వస్తుంది. భర్త దుబాయిలో ఉంటాడు. నన్ను కాకా అంటుంది. ఒక కుర్చీ నాది. పక్క కుర్చీ ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఒక పత్తి ఏజెంటుది. జిన్నింగు మిల్లు తరఫున రైతుల దగ్గర పత్తి కొంటాడు, సీజను లేనప్పుడు ఇక్కడ కూర్చుంటాడు. నన్ను పెద్దసారు అంటాడు. మిగతా రెండు కుర్చీలు చాలా రోజులు ఖాళీగానే ఉంటాయి. ఇప్పుడు అందరూ ఫోన్లలోనే కొని ఫోన్లలోనే అమ్ముకుంటున్నారు.

మా ఆఫీసులో ఒక అలవాటు ఉంది. మామూలు స్టాప్‌లాస్ ఆర్డరు ఆయుష్షు ఒక్కరోజే. మధ్యాహ్నం మూడున్నరకు మార్కెట్ మూసినప్పుడు అదీ పోతుంది; మర్నాడు మళ్లీ వేయాలి. అందుకని ఆ అమ్మాయి రోజూ తొమ్మిదింటికి పాత కస్టమర్లందరినీ వరుసగా అడుగుతుంది.

"కాకా, మీది ఎంతకు పెట్టాలె?"

ఇది మర్యాద కోసం అడిగే ప్రశ్న. కానీ ప్రశ్న అన్నాక జవాబు మారే వీలు ఉంటుంది. ఏడింటికి ఇంట్లో తేలిపోయిన విషయం తొమ్మిదింటికి మళ్లీ విచారణకు వచ్చేది. నెలలు నిలిచే ఇంకోరకం ఆర్డరు ఉందని, దాన్ని జీటీటీ అంటారని నాకు తెలుసు. ఆమే ఒకసారి చెప్పింది. వద్దన్నాను. రోజూ అడిగితేనే బాగుందన్నాను.

మొదటి మూడు రోజులు ధర 419 దాకా పోయి 416కు వచ్చింది. జులై 11, గురువారం నాకు కొద్దిగా జ్వరం ఉండి ఇంట్లోనే ఉన్నాను. పదకొండు గంటల పది నిమిషాలకు ఫోన్ మోగింది.

"కాకా, మూడు వందల తొంభై తొమ్మిదికొచ్చింది. మీ స్టాప్‌కు మూడే రూపాయలు ఉన్నది. చెప్దామని చేసిన."

"మార్కెట్ మొత్తం పడుతున్నదా, ఇదొక్కటేనా?"

"మొత్తం జర డల్‌గనే ఉన్నది."

"అట్లయితే దీని తప్పేం లేదు బిడ్డా. మూడు వందల ఎనభై ఎనిమిదికి పెట్టు."

ఒక క్షణం ఆగింది. "ఎనభై ఎనిమిదే గద? సరే. తిన్నరా? గోలి వేసుకున్నరా?"

వేసుకున్నానని చెప్పి, నువ్వు తిన్నవా అని అడిగాను. అప్పటికి వేసుకోలేదు, ఫోన్ పెట్టేశాక వేసుకున్నాను.

ఆరోజు ధర 394 దాకా దిగి, 401 దగ్గర ముగిసింది. నా మొదటి అంకె 396 అలాగే ఉండి ఉంటే ఆ షేర్లు అమ్ముడుపోయేవి. జరిపాను కనుక నిలిచాయి. మర్నాడు 407. నోటుబుక్కులో "నిర్ణయం సరైనది" అని రాసుకున్నాను. ఆ రెండు మాటలు రాయకుండా ఉండాల్సింది. అంకె జరిపినందుకు మార్కెట్ వెంటనే దండించి ఉంటే మళ్లీ జరిపేవాణ్ని కాను. అది బహుమానం ఇచ్చింది. జరపడమూ ఒక నైపుణ్యమే అనుకున్నాను.

జులై 16, మంగళవారం ధర 390. అప్పుడు నేను ఆఫీసులోనే ఉన్నాను. 388ని 376 చేయమన్నాను. పత్తి ఏజెంటు కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు.

"పెద్దసారు, మీ స్టాప్‌లాస్ అచ్చం మా ఊరి ఆర్డినరీ బస్సు లెక్కున్నది. చెయ్యెత్తిన కాడ ఆగది. జర ముందటికి పోయి ఆగుతది. మనం ఉరకాలె."

"నీదెక్కడ ఉన్నది తమ్ముడు?"

"నాదా? నాది మనసుల ఉన్నది." గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "కంప్యూటర్‌ల పెడితే అందరికి కనవడ్తది గదా."

"మనసుల ఉన్నది ఎన్నిసార్లు జరిగిందో ఎవ్వరికి తెల్వది," అంది ఆ అమ్మాయి, తెర మీంచి చూపు తిప్పకుండానే.

అతను నొచ్చుకోలేదు. కాసేపయ్యాక తనే అన్నాడు. "ఒక్క మాట చెప్తా సారు. మార్కెట్ యార్డుకు పోతే మా మిల్లు సేఠ్ పొద్దున్నే ఫోన్ చేసి చెప్తడు, ఇంతకు మించి కొనకు అని. దానికి పది రూపాయలు ఎక్కువ పెట్టిననుకో, నా కమీషన్ల కోసుకుంటడు. అందుకే పెట్ట. పత్తి ఎంత తెల్లగున్నా పెట్ట. ఈడ పైసలు నాయే, సేఠ్ నేనే. సేఠ్‌ను నేనే మాట్లాడి మెత్తగ చేస్త."

గనిలో మేనేజరు పైన కూర్చోవడానికి కారణం అదేనని నాకు తట్టింది. తట్టినా 376 అంకె 376గానే ఉంది. నష్టపు హద్దు రెండు వేల నుంచి మూడు వేలకు, అక్కణ్నుంచి నాలుగున్నర వేలకు పెరిగింది. షేర్ల సంఖ్య తగ్గలేదు. స్టాపు దూరంగా ఉండాలనుకుంటే మొదటే తక్కువ షేర్లు కొనాలి. కొన్నాక దూరం జరిపితే మనం ఒప్పుకోని నష్టాన్ని ఒప్పుకున్నట్టు సంతకం పెట్టడమే. ఇది నాకు తెలియని లెక్క కాదు.

జులై 17, బుధవారం. పీర్ల పండుగ, మార్కెట్‌కు సెలవు. వీధిలోంచి డప్పుల చప్పుడు వచ్చి దూరమైంది. ఆరోజు నేను ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడలేదు. సాయంత్రం ఆరింటికి గొంతు పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి గోడ మీది క్యాలెండరులో తేదీని పైకి చదివాను.

గురువారం 384. శుక్రవారం 378. ఆ శుక్రవారం ఉదయం ఆమె మామూలుగా అడిగింది, ఎంతకు పెట్టాలని. "ఇయ్యాల పెట్టకు బిడ్డా. నేనే చూసుకుంట," అన్నాను. ఆమె తలెత్తి చూసింది. అప్పటి నుంచి అంకె లేదు. దిగుతున్న ధర ఉంది, దాన్ని చూస్తున్న నేను ఉన్నాను. 371. 366. 362. కింద నిలిపే అంకె లేకపోతే ఎక్కడైనా ఇంకొక్కరోజు ఆగవచ్చు. నేను ఇంటికి వచ్చేశాక ప్రతిరోజూ ఆమె ఒకసారో రెండుసార్లో ఫోన్ చేసేది. ప్రతిరోజూ ఏదో ఒక కారణం నా దగ్గర సిద్ధంగా ఉండేది: బ్యాంకు షేర్లు పడ్డాయి కనుక ఇదీ పడింది, చాలా పడింది కనుక ఇక లేస్తుంది, ఇప్పుడు అమ్మితే అన్నాళ్లు ఓపిక పట్టినదంతా వృథా. ఏ కారణమూ అబద్ధం కాదు. అసలు కారణం మాత్రం వాటిలో లేదు.

జులై 29, సోమవారం, పది గంటల నలభై నిమిషాలకు 351కి అమ్మించాను. అమ్మమని ముందుగా అన్నది నేను కాదు. ఆమే అడిగింది.

"కాకా, జర కోపం తెచ్చుకోకుర్రి. పొద్దున ఏడింటికి మీరు రాసుకొచ్చే నంబరు మంచిగుంటది. పదకొండింటికి మీరు చెప్పే నంబరే ఖరాబుగుంటది. ఈ కుర్చీల కూసొని ఎనిమిదేండ్ల సంది చూస్తున్న. మీదొక్కలదే కాదు, అందరిది గట్లనే. అమ్మాల్నా?"

"అమ్ము."

నష్టం 7,625 రూపాయలు. 396కు పోయి ఉంటే రెండు వేలు.

మర్నాడు నేను ఆఫీసుకు పోలేదు. నోటుబుక్కు ముందు పెట్టుకుని 2022 నవంబరు నుంచి అన్ని లావాదేవీలనూ వరుసగా చూశాను. నలభై ఒకటి. అందులో స్టాపు కిందికి జరిపినవి పద్నాలుగు. జరిపినందువల్ల లేచి లాభం ఇచ్చినవి ఐదు. వాటి మొత్తం 6,150. ఇంకా దిగి, చివరికి అమ్మినవి తొమ్మిది; వాటి నష్టం 52,400. నికరంగా 46,250 పోయింది. పద్నాలుగింటిలో ఒక్కటీ జరపకుండా, అన్నీ మొదటి అంకె దగ్గరే అమ్ముడుపోయి ఉంటే పోయేది 28,000. ఆ ఐదూ నాకు గుర్తున్నాయి, తేదీలతో సహా. తొమ్మిదింటిలో నాలుగింటిని నోటుబుక్కు చూస్తే తప్ప గుర్తుపట్టలేకపోయాను.

జరిపినప్పుడల్లా రాసుకున్న కారణాలనూ వేరే కాగితం మీదికి ఎత్తాను. "మార్కెట్ మొత్తం పడుతోంది" ఆరుసార్లు, ఇంచుమించు అవే మాటల్లో. "ఇంకొక్కరోజు" ఐదుసార్లు. కొనడానికి ముందు రాసిన కారణాల్లో ఏ రెండూ ఒకలా లేవు. మనిషి నిజంగా ఆలోచించినప్పుడు మాటలు మారతాయి, భయపడ్డప్పుడు మారవు.

అప్పటికీ నాకు తృప్తి కలగలేదు. పద్నాలుగు అన్న అంకెకు మూలం దొరకలేదు. నష్టాన్ని ఒప్పుకోవడానికి మనసు రాక జరిపానంటే కొంతవరకు నిజమే. అమ్మనంతకాలం అది కాగితం మీది నష్టం, అమ్మితే నాది. కానీ రెండు వేలు పోవడానికి కొనేరోజే ఒప్పుకున్నవాణ్ని, ముప్పై ఒక్క ఏళ్లు ఒక్క రీడింగు దిద్దనివాణ్ని, పద్నాలుగుసార్లు ఎలా దిద్దాను?

ఫోన్ తీసి జులై నెలలో వచ్చిన కాల్స్ లెక్కపెట్టాను. ముప్పై రెండు. గ్యాసు సిలిండరు కోసం రెండు, బ్యాంకు వాళ్లవి ఐదు, రాంగు నంబరు ఒకటి, మంచిర్యాల నుంచి నా పాత సహోద్యోగి ఒకటి. మిగతా ఇరవై మూడూ ఆ ఆఫీసు నుంచి. జులై 1 నుంచి 10 దాకా ఆఫీసు నుంచి ఒక్కటీ లేదు. ఆ ఇరవై మూడూ 11 నుంచి 29 దాకా వచ్చాయి. నా షేరు పైకి పోతున్నప్పుడు ఎవరూ ఫోన్ చేయరు. స్టాపు దగ్గరికి వచ్చినప్పుడు చేస్తారు. స్టాపును కిందికి జరిపితే మర్నాడూ చేస్తారు. అమ్ముడుపోతే చేయడానికి కారణం ఉండదు.

ఆ అంకె కింద గీత గీసి పుస్తకం మూశాను. రెండు రోజులు తెరవలేదు.

తప్పు ఎక్కడుందో తెలిసినంత మాత్రాన అది ఆగదు. ఆగస్టులో నేను పెట్టుకున్న మొదటి నియమం తప్పు నియమం. ఫోన్‌లో స్టాపు కిందికి జరపకూడదు. జరపాలంటే మూడున్నర తరవాత, మార్కెట్ మూసినాక, స్వయంగా ఆఫీసుకు వెళ్లి, కారణం కాగితం మీద రాసి ఇవ్వాలి. కష్టంగా ఉంటే మానేస్తానని నా ఊహ. ఆగస్టు 6న 640 చొప్పున 80 షేర్లు కొన్నాను, స్టాపు 615. 12న ధర 622కు వచ్చింది. మూడు గంటల నలభై నిమిషాలకు కాగితం మడిచి జేబులో పెట్టుకుని మెట్లెక్కాను. గది ఖాళీగా ఉంది. ఆమె టీ తెప్పించింది. దుబాయిలో ఎండల గురించి, భర్తకు వీసా మళ్లీ రెండేళ్లు పొడిగించిన సంగతి చెప్పింది. స్టాపు 603 అయింది. 14న మళ్లీ వెళ్లాను. ఇంకా జరపాలా వద్దా అని అడగడానికి. ఆమె కాగితం అందుకోకుండా నవ్వింది.

"కాకా, ఇది మీకు శిక్షనా పండుగనా? చాయ్ తాగి, ముచ్చట చెప్పి, నంబరు కిందికి చేసి పోతున్నరు. గిట్లయితే రోజు జరుపుతరు."

"నువ్వు చెయ్యనని అంటే అయిపాయె గద."

"ఎట్లంట? మీరు కస్టమరు. మీరు చెప్పిన ఆర్డరు నేను వెయ్యకుంటే, రేపు అది లేస్తే కంప్లైంట్ నా మీదనే. రికార్డింగు ఉంటది. నేను సేఠ్‌ను కాదు కాకా, మీరు చెప్పింది చేసేదాన్ని."

ఆరోజు జరపలేదు. మర్నాడు సెలవు. 16న ఆ షేరు 603 దగ్గర ఆగనే లేదు. తెరుచుకోవడమే 598 దగ్గర తెరుచుకుంది, అక్కడే అమ్ముడుపోయింది. స్టాపు అంటే ఆ ధరే దొరుకుతుందన్న హామీ కాదు. ధర దాటి దూకితే దూకిన చోట అమ్ముతుంది. నష్టం 3,360. జరిపినవి పదిహేను.

సెప్టెంబరు నెలంతా ఏమీ కొనలేదు. 28వ తేదీ, శనివారం వెళ్లాను. శనివారం మార్కెట్ ఉండదు, ఆఫీసు మాత్రం మధ్యాహ్నం దాకా తెరిచి ఉంటుంది. ఒక తెల్ల కాగితం మీద నియమాలు రాసి తీసుకెళ్లాను. కొనే ముందే అంకె, దానికి కారణం రాయాలి. కొన్న వెంటనే, అదే కూర్చోవడంలో, నెలలు నిలిచే జీటీటీ ఆర్డరు వేయించాలి. ఉదయాల్లో ఎంతకు అని నన్ను అడగకూడదు. స్టాపు పైకి జరగవచ్చు, కిందికి జరగకూడదు. మార్కెట్ జరిగే రోజుల్లో నేను ఆఫీసుకు రాను. కొనాల్సి వస్తే ఒక్కసారి నేనే ఫోన్ చేస్తాను. శనివారాలు పదకొండు నుంచి పన్నెండు దాకా వస్తాను, ధరలు మాట్లాడం. ఎప్పుడైనా కిందికి జరపమని నేను అడిగితే ఆమె జరపాల్సిందే, అది నా హక్కు. కానీ ఆ తరవాత నాలుగు శనివారాలు నేను ఆ గదికి రాకూడదు.

అంతా చదివి ఆమె, ఉదయాల్లో అడగకూడదన్న వాక్యం మీద వేలు పెట్టింది.

"అంటే ధర దగ్గరకొచ్చినా ఫోన్ చెయ్యద్దా?"

"వద్దు."

"నా ఫోన్ వద్దంటున్నరు."

"స్టాప్ కాడ వద్దంటున్న బిడ్డా."

"స్టాప్ కాడ గాకుంటే ఇంకెప్పుడు చేస్త కాకా, పనిలేక?" అంది. తరవాత బల్ల మీది కాగితాలు సర్దుతూ, ముఖం ఎత్తకుండా చెప్పింది. "రోజు నలభై మందికి చేస్త. రేటెంత, రేటెంత అంటరు. తిన్నవా అని అడిగేది మీరొక్కలే."

సంతకం చేసి కాగితం ఇచ్చాను. ఆమె దాన్ని నా ఫైలులో పెట్టింది.

పత్తి ఏజెంటు అక్టోబరు మొదటి వారంలో సీజనుకు ఆదిలాబాద్ వెళ్లిపోయాడు. వెళ్లేముందు తన ఖాతాలో మిగిలిన షేర్లన్నీ అమ్మేశాడని, మనసులోని స్టాపు ఎక్కడుందో ఇక వెతకనని చెప్పి నవ్వాడని శనివారం ఆమె చెప్పింది.

అక్టోబరు 14, సోమవారం 505 చొప్పున 100 షేర్లు కొన్నాను. స్టాపు 485. ఆర్డరు అప్పుడే వేయించాను. ఎనిమిది రోజులు ఏమీ జరగలేదు. 22, మంగళవారం ఉదయం పదకొండు గంటలకు టీవీలో కింద పరుగెత్తే అంకెల్లో 488 కనిపించింది. టీవీ చూడకూడదని నియమంలో రాయలేదు. అది నా లోపం.

కుర్చీ ఫోన్ పక్కకు జరుపుకుని కూర్చున్నాను. మూడు రూపాయలే దూరం. కారణాలు రావడం మొదలైంది. నోటుబుక్కు తెరిచి వచ్చినవి వచ్చినట్టు రాశాను. ఒకటి, మార్కెట్ మొత్తం పడుతోంది. రెండు, ఇంకొక్కరోజు చూస్తే తెలుస్తుంది. మూడు, ఈ కంపెనీ మంచిది. నాలుగు, ఇప్పుడు అమ్ముడుపోయి వెంటనే లేస్తే ఎలా. పాత కాగితం పక్కన పెట్టి పోల్చాను. నాలుగూ అందులో ఉన్నాయి. రెండో కారణంలో మాట కూడా మారలేదు.

అయిదోది నేను రాయలేదు. ఫోన్ చేస్తే ఆమె ఎత్తుతుంది, కాకా అంటుంది. అంకె మారుస్తుంది. తిన్నరా అని అడుగుతుంది. ఒకటిన్నర నిమిషం మాట. దానికి బదులు నాలుగు శనివారాలు పోతాయి, అంటే నాలుగు గంటలు. రెండింటినీ నిమిషాల్లోకి మార్చి పక్కపక్కన రాశాను: ఒకటిన్నర, రెండు వందల నలభై. లెక్క ఇంత తేలికగా ఉన్నా చెయ్యి ఫోన్ మీదే ఉంది. పన్నెండున్నరకు లేచి అన్నం వండుకున్నాను. ఒకటిన్నరకు తిన్నాను. టీవీ ఆపలేదు, కానీ గదిలోకి వెళ్లలేదు.

ఒంటిగంట యాభై రెండు నిమిషాలకు ఫోన్ చిన్నగా మోగింది. కాల్ కాదు, మెసేజ్. 100 షేర్లు 484 రూపాయల అరవై పైసలకు అమ్ముడుపోయాయి. నష్టం 2,040. మెసేజ్‌లో కాకా అని లేదు. నేను దాన్ని మూడుసార్లు చదివాను. ఆ సాయంత్రం ఎవరూ ఫోన్ చేయలేదు. ఎనిమిది గంటల దాకా మేలుకుని, తరవాత పడుకున్నాను.

నవంబరు 2, శనివారం వెళ్లినప్పుడు ఆమె ఆపుకోలేకపోయింది.

"కాకా, మనం అమ్మినంక అది ఎంతైందో తెల్సా?"

"తెల్వది. చెప్పకు."

"ఐదు వందల ముప్పై ఒకటి."

"చెప్పకన్న గద."

"చెప్పుడైంది గద. ఇప్పుడు పరేషాన్ అయితుర్రా?"

"నాలుగో కారణం ఒక్కసారి నిజమైంది. రాసుకుంట."

ఆమె నవ్వి టీ తెప్పించింది. పన్నెండుకు నేను లేచాను. ఇంకో పది నిమిషాలు కూర్చోమంది. పన్నెండన్న గీత దాటితే ఒంటిగంట అవుతుందని నాకు తెలుసు కనుక కూర్చోలేదు.

2025 మార్చి 31 నాటికి కొత్త నియమం కింద ఆరు నెలలు పూర్తయ్యాయి. ఆ ఆరు నెలల్లో శనివారాలు ఇరవై ఆరు. దసరా రోజు ఆఫీసు మూసి ఉంది. ఫిబ్రవరి 1న శనివారమైనా మార్కెట్ తెరిచారు కనుక వెళ్లలేదు. జ్వరం వల్ల రెండు పోయాయి. వెళ్లినవి ఇరవై రెండు. లావాదేవీలు పదిహేడు. స్టాపు దగ్గర అమ్ముడుపోయినవి పది, వాటి నష్టం 18,400. లాభం వచ్చినవి ఏడు, వాటి మొత్తం 22,340. బ్రోకరేజీ, పన్నులు, ఇతర ఖర్చులు 6,800. అన్నీ పోను నికర నష్టం 2,860 రూపాయలు. ఆఫీసు నుంచి వచ్చిన ఫోన్లు సున్నా. స్టాపు కిందికి జరిపినవి సున్నా.